మార్కు ఎక్కడ పడుతుందో చూపే జవాబు

పదోతరగతి ఫలితాల్లో పార్వతీపురం మన్యం జిల్లా 2023లో 87.47 శాతం, 2024లో 96.37 శాతం, 2025లో 93.90 శాతం ఉత్తీర్ణతతో వరుసగా మూడేళ్లు రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. అవే ఏళ్లలో రాష్ట్ర సగటు 72.26, 86.69, 81.14. సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కే దారిలో ఉన్న పాచిపెంట మండలం ఈ జిల్లాలోదే. పేరున్న కోచింగ్ సెంటర్లు లేని చోట ఇలాంటి ఫలితం ఎలా వస్తుందని అడిగితే ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, రాత్రి స్టడీ అవర్లు, వంద రోజుల ప్రణాళిక అని ఉపాధ్యాయులు వరసగా చెబుతారు. ఆ వరసలో తరచూ వదిలేసేది ఒకటుంది. ఎవరో ఫోన్‌లో ఫొటో తీసి పంపిన పాత ప్రశ్నపత్రం. దాన్ని ముందు పెట్టుకుని మాస్టారు నల్లబల్ల మీద జవాబులు రాయడం, పిల్లలు వాటిని నోటుపుస్తకంలోకి ఎక్కించుకోవడం మన్యంలో ఏటా చలికాలంలో మొదలై మార్చి దాకా సాగే పని.

ఈ పనిని సరిగా చేయడానికి ఒక పద్ధతి ఉంది. తప్పుగా చేయడానికి మాత్రం చాలా దారులున్నాయి.

ముందుగా ఒక మాట. ఇక్కడ చెప్పుకుంటున్నది అయిపోయిన పరీక్షల పేపర్ల గురించి. 2023 ఏప్రిల్ 3న వికారాబాద్ జిల్లా తాండూరులో పరీక్ష మొదలైన కాసేపటికే తెలుగు పేపరు ఫొటో వాట్సాప్‌లోకి ఎక్కింది. అంతకు ముందు ఏడాది ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటివి జరిగాయి. అది నేరం, దాని సంగతి పోలీసులు చూసుకుంటారు. ఏడాది కిందటి పేపరు ఫొటో పాఠ్య సామగ్రి. ఈ రెంటికీ పోలిక కెమెరా ఒక్కటే.

పాత పేపరు చేతికి రాగానే చాలామంది చేసే మొదటి తప్పు జవాబు రాయడం మొదలుపెట్టడమే. దానికంటే ముందు పేపరు ఏ ఏటిదో చూడాలి. 2019 వరకు పదోతరగతికి 11 పేపర్లుండేవి. హిందీ తప్ప మిగతా సబ్జెక్టులకు రెండేసి పేపర్లు, ఇరవై మార్కులు బడిలోనే వేసే అంతర్గత మూల్యాంకనం. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ వల్ల పరీక్షలే జరగలేదు. 2022 నుంచి పేపర్లు తగ్గి, సబ్జెక్టుకు వంద మార్కుల లెక్క వచ్చింది. ఇప్పటి గణితం పేపరులో 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. కూడితే వంద. 2018 నాటి పేపరు తీసుకుని ఇది ఎన్ని మార్కుల ప్రశ్న, ఎంత రాయాలి అని పిల్లలకు చెబితే ఇప్పటి పరీక్షకు ఆ కొలత సరిపోదు.

అంతకంటే పెద్ద చిక్కు సిలబస్‌ది. 2024-25 నుంచి ఆంధ్రప్రదేశ్ పదోతరగతి గణితం, సైన్సు, సాంఘిక శాస్త్రాలకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. పాత రాష్ట్ర పుస్తకంలో సమితులు అనే అధ్యాయం ఉండేది. వాస్తవ సంఖ్యల్లో సంవర్గమానాలు ఉండేవి. శ్రేఢుల్లో అంకశ్రేఢితో పాటు గుణశ్రేఢి కూడా ఉండేది. కొత్త పుస్తకంలో ఈ మూడూ లేవు. అంటే 2024 మార్చి దాకా జరిగిన ఏ గణితం పేపరు ఫొటో తీసుకున్నా అందులో కొన్ని ప్రశ్నలు ఇప్పటి పిల్లలకు పనికిరావు. వెన్ చిత్రం ప్రశ్నకు ఎంత చక్కగా జవాబు రాసిపెట్టినా అది వృథా చాకిరీ. అందుకని పేపరు దొరకగానే పెన్సిలుతో ఒక్కో ప్రశ్న పక్కన అధ్యాయం పేరు రాసుకోవాలి. పేరు రాయలేకపోయిన ప్రశ్నను అడ్డంగా కొట్టేయాలి. ఇది పది నిమిషాల పని. చేయకపోతే వారాల చదువు పక్కదారి పడుతుంది.

ఇంకో తేడా భాషది. 2025 మార్చి పరీక్షకు నమోదైనవారిలో దాదాపు 5.64 లక్షల మంది ఇంగ్లిషు మాధ్యమంవారు, తెలుగు మాధ్యమంవారు 51 వేల మంది. ఫొటోలుగా తిరిగే పాత పేపర్లలో తెలుగువే ఎక్కువ. ఇంట్లో కువి మాట్లాడే పిల్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లిషు మూడోది. అలాంటి పిల్లకు తెలుగు ప్రశ్న ఇచ్చి ఇంగ్లిషులో జవాబు రాయమంటే గణితం కంటే ముందు అనువాదం చేయాల్సి వస్తుంది. ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ ఉన్న పాఠ్యపుస్తకాలు ఇక్కడ అక్కరకొస్తాయి. ప్రశ్నలోని సాంకేతిక పదానికి ఎదురు పేజీలో ఏ మాట ఉందో వెతికి, దాన్ని ప్రశ్న మీదే రాసుకున్నాక జవాబుకు దిగాలి.

ఇప్పుడు ఫొటో దగ్గరికి వద్దాం. పేపరు రెండు వైపులా అచ్చై ఉంటుంది, కాగితం పల్చన, వెనక అక్షరాలు ముందుకు కనిపిస్తాయి. మడత మీద నీడ పడుతుంది. పరీక్ష రాసిన పిల్లాడు ఆప్షన్ల మీద పెన్నుతో టిక్కులు పెట్టి ఉంటాడు. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది పరిమాణం తగ్గించి పంపుతుంది. ఒకరి నుంచి ఒకరికి స్క్రీన్‌షాట్లుగా చేరేసరికి x² లోని చిన్న 2 కింది వరుసలోకి జారినట్టో, అసలు లేనట్టో కనిపిస్తుంది. ఋణ గుర్తు మడతలో కలిసిపోతుంది. వర్గమూలం గీత ఎక్కడిదాకా ఉందో తెలియదు. 3, 8 ఒకదానిలా ఒకటి ఉంటాయి. సిగ్నల్ అందీ అందనట్టుండే ఘాట్ ఊళ్లలో పెద్ద ఫైలు దిగదని చిన్న ఫొటోనే పంపమంటారు. అక్కడే మొదలవుతుంది అసలు బాధ. పంపేవారు ‘డాక్యుమెంట్’గా పంపితే పరిమాణం తగ్గదు, దిగడానికి కాస్త ఆలస్యమైనా అంకె చెడదు. అన్ని పేజీలూ పంపలేకపోతే లెక్కలున్న రెండు పేజీలైనా అలా పంపాలి.

అంకె చెడిందో లేదో జవాబు రాసేవారికి ఎలా తెలుస్తుంది? ఒక ప్రశ్న తీసుకుని చూద్దాం. ఎన్‌సీఈఆర్‌టీ వర్గ సమీకరణాల అధ్యాయంలోని రైలు లెక్క ఇది. పుస్తకం సమీకరణం రాయమని మాత్రమే అడుగుతుంది, పరీక్షల్లో ఇలాంటి లెక్కల్ని సాధించమనే అడుగుతారు. ఒక రైలు 480 కిలోమీటర్ల దూరం సమవేగంతో ప్రయాణిస్తుంది. వేగం గంటకు 8 కిలోమీటర్లు తక్కువై ఉంటే అదే దూరానికి 3 గంటలు ఎక్కువ పట్టేది. రైలు వేగమెంత? (సాలూరు దాకా వచ్చే బ్రాంచి లైను తప్ప మరో పట్టా దగ్గర్లో లేని పిల్లలకు రైలు లెక్కలే ఎందుకు, ఘాట్ ఎక్కే బస్సు లెక్క ఇవ్వకూడదా అని ఎప్పుడూ అనిపిస్తుంది. అది వేరే వ్యాసం.)

దీన్ని సాధిస్తే x² − 8x − 1280 = 0 వస్తుంది. విచక్షణి 64 + 5120, అంటే 5184. అది 72 వర్గం. వేగం 40. సరిచూస్తే 480ని 40తో భాగిస్తే 12 గంటలు, 32తో భాగిస్తే 15 గంటలు, తేడా 3. అంతా కుదిరింది.

మసక ఫొటోలో 8ని 3గా చదివామనుకోండి. సమీకరణం x² − 3x − 480 = 0 అవుతుంది, విచక్షణి 1929. అది ఏ సంఖ్యకూ వర్గం కాదు, వేగం దశాంశాల్లో పోతుంది. 3 గంటల్ని 8 గంటలుగా చదివితే విచక్షణి 1984, అదీ వర్గం కాదు. పదోతరగతి పద సమస్యల్లో అంకెలు సాధారణంగా పూర్ణంగా తేలేలా ఎంచుతారు కాబట్టి, మూలాలు చిక్కుపడితే ముందు ఫొటోను అనుమానించాలి. కారణాంకాలు దొరకడం లేదని పిల్లాణ్ని తిట్టే ముందు పేపరును ఇంకోసారి వెలుతురులో చూడాలి.

అయితే ఈ పరీక్షను గుడ్డిగా నమ్మడానికీ లేదు. అదే ఫొటోలో 3 గంటల్ని 2 గంటలుగా చదివితే x² − 8x − 1920 = 0 వస్తుంది. విచక్షణి 7744, అది 88 వర్గం. వేగం 48. 480ని 48తో భాగిస్తే 10, 40తో భాగిస్తే 12, తేడా 2. లెక్క అద్దంలా తేలింది, ప్రశ్న మాత్రం వేరు! చిక్కుపడ్డ జవాబు తప్పు చదువును పట్టిస్తుంది గానీ, చక్కగా తేలిన జవాబు సరైన చదువుకు సాక్ష్యం కాదు. అందుకే ఫొటో నుంచి రాసేవారు జవాబు పైన ప్రశ్నను పూర్తిగా, అంకెలతో సహా మళ్లీ రాయాలి. రేపు ఇంకొకరి దగ్గర స్పష్టమైన ప్రతి దొరికితే పోల్చుకోవడానికి అదే ఆధారం. అనుమానమున్న అంకె కింద గీత గీసి ‘ఫొటోలో సరిగా లేదు’ అని రాస్తే పరువేం పోదు.

ఫొటో చేసే ఇంకో మోసం అంచున ఉంటుంది. ఇప్పటి గణితం పేపరులో ఎంపిక ఎనిమిది మార్కుల ప్రశ్నలకే ఉంటుంది. రెండు ప్రశ్నల మధ్య ‘లేదా’ అని ఒక్క మాట. పేజీ చివర ఆ మాట తెగిపోతే పిల్లలు రెండింటికీ జవాబు రాయాలనుకుంటారు. సాధనలో అలా రాయడం వల్ల నష్టం లేదు గానీ, సమయం లెక్క తారుమారవుతుంది. పేపరు మొత్తం ప్రశ్నల సంఖ్యను, మార్కుల మొత్తాన్ని ఒకసారి కూడి చూస్తే ఇది దొరికిపోతుంది.

ఇక జవాబు సంగతి. గైడుల్లో, ఆల్ ఇన్ వన్ పుస్తకాల్లో కనిపించే జవాబు బాగా చదివిన ఉపాధ్యాయుడు తీరిగ్గా రాసినది. స్పాట్ కేంద్రంలో అసిస్టెంట్ ఎగ్జామినర్ ముందు ఉండేది వేరే కాగితం. మూల్యాంకనం మొదలయ్యే ముందు వారికి ప్రతి ప్రశ్నకూ మార్కుల విభజన ఇస్తారు. ఏ సోపానానికి అర మార్కు, ఏ సోపానానికి ఒక మార్కు, ప్రత్యామ్నాయ పద్ధతిలో చేస్తే ఏం చేయాలి అన్నది అందులో ఉంటుంది. ఉపాధ్యాయులు దాన్నే ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ వాల్యుయేషన్’ అంటారు. నమూనా జవాబు ఆ కాగితానికి ఎదురుగా కూర్చోబెట్టినట్టుండాలి. కుడి అంచున మార్కు కనిపించాలి. రైలు లెక్కను నాలుగు మార్కులకు నేనైతే ఇలా రాయిస్తాను:

రైలు వేగం = గంటకు x కి.మీ. అనుకొనుము. పట్టు కాలం = 480/x గం. (½)

వేగం 8 కి.మీ. తగ్గిన, పట్టు కాలం = 480/(x − 8) గం. (½)

లెక్క ప్రకారం, 480/(x − 8) − 480/x = 3 (½)

480 × 8 = 3x(x − 8) ⇒ x² − 8x − 1280 = 0 (½)

x² − 40x + 32x − 1280 = 0 ⇒ (x − 40)(x + 32) = 0 (½)

x = 40 లేదా x = −32 (½)

వేగం ఋణాత్మకం కాదు. కనుక x ≠ −32 (½)

∴ రైలు వేగం = గంటకు 40 కి.మీ. (½)

ఈ విభజన అధికారికమైనది కాదు. ఇలాంటి ప్రశ్నలకు మార్కులు సాధారణంగా పడే చోట్లను బట్టి వేసుకున్నది. కానీ ఇందులో పిల్లలు గమనించాల్సినది ఒకటుంది. 40 అన్న జవాబుకు వచ్చేది అర మార్కు. మిగతా మూడున్నర దారిలోనే ఉంది. నోటితో లెక్కకట్టి ‘40’ అని మాత్రమే రాసిన తెలివైన పిల్లాడికి అర మార్కే దక్కవచ్చు. జవాబు చేరలేని పిల్లకు రెండున్నర దాకా రావచ్చు.

మార్కుల లెక్కతో జవాబు రాయించడంలో అసలు లాభం తప్పుల దగ్గర తెలుస్తుంది. తరగతిలో సగం మంది చేసే పొరపాటు ఒకటుంది. ఎక్కువ కాలంలోంచి తక్కువ కాలం తీసేయాల్సింది పోయి 480/x − 480/(x − 8) = 3 అని రాస్తారు. అప్పుడు x² − 8x + 1280 = 0 వస్తుంది. విచక్షణి ఋణసంఖ్య, వాస్తవ మూలాలే ఉండవు. పిల్లాడు అక్కడ ఆగి, మొత్తం కొట్టేసి, ఇంకో ప్రశ్నకు వెళ్లిపోతాడు. కొట్టేయడమే పెద్ద నష్టం. మొదటి రెండు వరుసలకు ఒక మార్కు అతని సొంతం, దాన్ని తన చేత్తోనే చెరిపేసుకున్నాడు. నమూనా జవాబు పక్కన ఈ తప్పు దారి కూడా రెండు వరుసల్లో రాసి, ఇలా వస్తే వేగం తగ్గితే కాలం పెరుగుతుందా తగ్గుతుందా అని వెనక్కి చూసుకోమని చెప్పాలి. అలాంటి నమూనా జవాబు నాకు చాలా అరుదుగా కనిపించింది.

రెండో రకం పిల్లలు తగ్గిన వేగాన్నే x అనుకుంటారు. అది పూర్తిగా సరైన పద్ధతి. x(x + 8) = 1280 వస్తుంది, x = 32 వస్తుంది. కానీ ప్రశ్న అడిగింది తగ్గిన వేగం కాదు, అసలు వేగం. ఇంకో 8 కలిపి 40 అని రాయాలి. 32 దగ్గరే ఆగిపోతే చివరి అర మార్కు పోతుంది, మిగతావి పోవు. నమూనా జవాబు ఒకే దారి చూపిస్తే ఈ పిల్లలు తమది తప్పనుకుని సరైన జవాబును కొట్టేస్తారు.

ఎనిమిది మార్కుల ప్రశ్నలో ఇది ఇంకా స్పష్టంగా ఉంటుంది. థేల్స్ సిద్ధాంతం నిరూపణ తీసుకోండి. ప్రవచనం, పటం, దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి. మన పిల్లలు ఉపపత్తిని బట్టీ పడతారు, పటాన్ని చివర్లో మొక్కుబడిగా గీస్తారు. పటంలో DM, EN లంబాలు గీయకపోతే ½ × AD × EN అని రాసిన వైశాల్యం ఎక్కడి నుంచి వచ్చిందో దిద్దేవారికి కనిపించదు. ఉపపత్తిలో ఒక వరుస ఉంది. BDE, DEC త్రిభుజాలు ఒకే భూమి DE మీద, DE, BC అనే ఒకే జత సమాంతర రేఖల మధ్య ఉన్నాయి కనుక వాటి వైశాల్యాలు సమానం. సిద్ధాంతం మొత్తం ఆ ‘కనుక’ మీదే నిలబడి ఉంది. రేఖ సమాంతరమన్న దత్తాంశాన్ని వాడేది అక్కడ ఒక్కచోటే. కారణం రాయకుండా వైశాల్యాలు సమానం అని మాత్రమే రాస్తే ఏ దిద్దేవారైనా ఆగుతారు. నమూనా జవాబులో ఆ వరుస కింద ఎర్ర గీత ఉండాలి.

గణితం దాటితే కొలత మారుతుంది. జీవశాస్త్రంలో ధమనికీ సిరకీ తేడాలు రెండు రాయమంటారు, రెండు మార్కులకు. పిల్లాడు ధమని గురించి నాలుగు వాక్యాలు రాసి ఊరుకుంటాడు. తేడా అంటే రెండు వైపులా ఒకే లక్షణం మీద పోలిక. ధమని గోడలు మందం, సిర గోడలు పల్చన. ధమనుల్లో కవాటాలు ఉండవు, సిరల్లో ఉంటాయి. ఇలా ఎదురెదురుగా పట్టికలో రాసినవే లెక్కలోకి వస్తాయి. అడిగినవి రెండైతే ఆరు రాయడం వల్ల మార్కు పెరగదు, ఇంకో ప్రశ్న సమయం పోతుంది.

సమయమే నమూనా జవాబుకు పొడవును నిర్ణయించాలి. వంద మార్కుల పేపరుకు ఇచ్చేది 3 గంటల 15 నిమిషాలు, అందులో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికి. మిగిలిన 180 నిమిషాలను వంద మార్కులకు పంచితే ఒక మార్కుకు రెండు నిమిషాలు కూడా లేవు. నాలుగు మార్కుల జవాబుకు ఏడు నిమిషాలు, ఎనిమిది మార్కులదానికి పద్నాలుగు. చివర్లో సరిచూసుకోవడానికి పావుగంట మిగలాలంటే ఇంకా తగ్గించాలి. సాంఘిక శాస్త్రం నాలుగు మార్కుల ప్రశ్నకు పేజీన్నర జవాబు నల్లబల్ల మీద రాసి ఇచ్చే మాస్టారు, ఆ జవాబును తానే ఏడు నిమిషాల్లో తిరిగి రాయగలరేమో గడియారం పెట్టుకుని చూడాలి. ఆయన రాయలేనిది పదిహేనేళ్ల పిల్ల, రెండో భాషలోనో మూడో భాషలోనో రాయలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మార్కు ఎక్కడ పడుతుందో నేర్పడం చదువా, దీనివల్ల పిల్లలు ఆలోచించడం మానేయరా అని. ఈ అభ్యంతరంలో నిజముంది. ఎనిమిది వరుసల రైలు లెక్కను అర్థం కాకుండా బట్టీ పట్టిన పిల్లాడు, అదే లెక్కలో రైలుకు బదులు పడవ వస్తే చేతులెత్తేస్తాడు. అయితే బట్టీ పట్టించేది మార్కుల విభజన కాదు, ఒక్కో మార్కు ఎందుకు అన్నది చెప్పకపోవడం. x ≠ −32 అన్న వరుసకు అర మార్కు ఎందుకు? సమీకరణానికి రెండు జవాబులు వచ్చినా రైలుకు ఒకటే వేగం ఉంటుంది కాబట్టి. ఆ మాట చెబితే అది చదువే. చెప్పకుండా ‘ఈ లైన్ తప్పకుండా రాయండి’ అని మాత్రమే అంటే అది బట్టీ. తేడా ఆ ఒక్క వాక్యంలో ఉంది. పాచిపెంట లాంటి చోట ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులు చూసుకునేటప్పుడు ముందుగా వదిలేసేది ఆ వాక్యాన్నే.

చివరగా, ఫొటో మీద ఇంతగా ఆధారపడాల్సి రావడం వెనక ప్రభుత్వ పరీక్షల విభాగం చేయగలిగీ చేయని పని ఉంది. సీబీఎస్‌ఈ తన పాత ప్రశ్నపత్రాలను, మూల్యాంకన పథకాలను వెబ్‌సైట్‌లో ఉంచుతుంది. ఏ వరుసకు ఎంత మార్కో దేశంలో ఎవరైనా చూడొచ్చు. మన పదోతరగతి పుస్తకాలూ ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీవే కనుక గణితం, సైన్సులకు ఆ పథకాలు మన ఉపాధ్యాయులకు బాగా ఉపయోగపడతాయి. అయితే అక్కడి ప్రశ్నల నమూనా వేరు, మార్కుల బరువు వేరు, ఎనిమిది మార్కుల ప్రశ్న అక్కడ లేదు. మన విభాగం నమూనా ప్రశ్నపత్రాలు, బ్లూప్రింట్ ఇస్తుంది గానీ మూల్యాంకన సూత్రాలను సీబీఎస్‌ఈలాగా పిల్లల ముందు పెట్టే ఆనవాయితీ ఇంకా రాలేదు.

దీనివల్ల ఒక వింత జరుగుతోంది. మార్కులు తక్కువొచ్చాయనుకున్న విద్యార్థి సబ్జెక్టుకు వెయ్యి రూపాయలు కట్టి పునఃపరిశీలన కోరితే, దిద్దిన జవాబు పత్రం నకలు చేతికిస్తారు. దిద్దిన జవాబు పత్రాన్ని చూసే హక్కు విద్యార్థికి ఉందని 2011 ఆగస్టులో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా. కానీ ఆ నకలును దేనితో పోల్చాలి? నాలుగు మార్కుల ప్రశ్నకు రెండున్నర పడింది, ఒకటిన్నర ఎక్కడ పోయింది? విభజన పత్రం లేకపోతే ఆ వెయ్యి రూపాయలకు వచ్చేది ఎర్ర అంకెలున్న కాగితం మాత్రమే. కూలికి వెళ్లే కొండదొర, జాతాపు కుటుంబానికి ఆ వెయ్యి చిన్న మొత్తం కాదు.

ప్రభుత్వ పరీక్షల విభాగం చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఫలితాలు వెలువడిన రోజే ఆ ఏటి ప్రశ్నపత్రాలను స్పష్టమైన పీడీఎఫ్‌లుగా, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ, వాటి మూల్యాంకన సూత్రాలతో కలిపి తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. 2024 మార్చి దాకా జరిగిన పేపర్లలో కొత్త సిలబస్‌కు చెందని ప్రశ్నల జాబితాను ఒక్కసారి తయారుచేసి అదే చోట ఉంచాలి. ఆ పత్రాలన్నీ విభాగం దగ్గర ఇప్పటికే ఉన్నాయి, కొత్తగా రాయాల్సింది ఆ ఒక్క జాబితానే. వచ్చే ఫలితాల నాటికి ఇది జరగాలని ఉపాధ్యాయ సంఘాలు, ఐటీడీఏ అధికారులు ఇప్పుడే రాతపూర్వకంగా అడగాలి.